జవాబు అక్కర్లేని మెసేజ్: ఆఖరి దశలో ఉన్న ఒక టీచర్ గారి ఇంట్లో మాటల గురించి ఒక కేస్ స్టడీ

నేను పాలియేటివ్ కేర్ టీమ్‌లో కౌన్సెలర్‌ని. నయం కాని జబ్బుతో ఉన్నవాళ్ళకి నొప్పి, ఆయాసం, వాంతులు తగ్గించే పని మా డాక్టర్లు, నర్సులు చూస్తారు. ఇంట్లో మాటలు ఎలా నడుస్తున్నాయో చూడటం నా పని. ఈ కేసులోని టీచర్ గారు బతికుండగానే తన సంగతి రాసుకోమని అనుమతి ఇచ్చారు. తర్వాత వాళ్ళ అమ్మాయి కూడా సరేనన్నారు. మనుషుల్ని గుర్తుపట్టేలా ఉండే వివరాలు మార్చాను. మాటలు, మెసేజ్‌లు మాత్రం వీలైనంతవరకు ఉన్నవి ఉన్నట్టే ఉంచాను, ఎందుకంటే ఈ కేసంతా వాటి గురించే.

ఆవిడ పరిస్థితి

వయసు 59. లెక్కల టీచర్. పాంక్రియాస్‌లో మొదలైన క్యాన్సర్ లివర్‌కి పాకింది. రెండు రకాల కీమో ఇచ్చినా గడ్డలు పెరుగుతూనే ఉన్నాయి, ఇక కీమో ఆపేద్దామని క్యాన్సర్ డాక్టర్ చెప్పారు. ఎంత కాలం ఉంటానని ఆవిడే అడిగారు. “నెలల లెక్క కాదండీ, వారాల లెక్క” అని ఆయన నిజమే చెప్పారు. ఆ మాట ఆవిడకీ తెలుసు, అమ్మాయికీ తెలుసు. నొప్పికి నాలుగు గంటలకోసారి మార్ఫిన్ మాత్ర వేస్తున్నారు, నొప్పి బాగానే అదుపులో ఉంది.

మా నర్సు నన్ను పిలవడానికి కారణం వేరే. టీచర్ గారు ఫోన్ ముట్టుకోవడం మానేశారు. ఎవరైనా వస్తామంటే నిద్రపోతున్నానని చెప్పమంటున్నారు. అమ్మాయి, తమ్ముడు అది డిప్రెషన్ అనుకున్నారు.

ఈ దశలో డిప్రెషన్‌ని గుర్తుపట్టడం తేలిక కాదు. తిండి తగ్గడం, నిద్ర చెదరడం, నీరసం, బరువు తగ్గడం మామూలుగా డిప్రెషన్ లక్షణాలే. కానీ ఇక్కడ అవన్నీ జబ్బువల్ల కూడా వస్తాయి. అందుకని నేను వాటిని పక్కనపెట్టి వేరేవి చూస్తాను. ఇంకా దేనిలోనైనా ఆనందం దొరుకుతోందా? తన బతుకు దండగ అనిపిస్తోందా? ఎదురుచూసేది ఏదైనా ఉందా? టీచర్ గారికి నాలుగేళ్ళ మనవడు మంచం పక్కన బొమ్మ లారీలు తోలుకుంటుంటే చూడటం ఇష్టం. పొద్దున్న రేడియో పెట్టించుకుంటున్నారు. అమ్మాయితో సరదాగా మాట్లాడుతున్నారు. మరి మనుషులంటే ఎందుకు వద్దనిపిస్తోందని అడిగాను.

“నాకు రోజుకి గంటన్నర ఓపిక ఉంటోందమ్మా. అందులో గంట వచ్చినవాళ్ళని ఓదార్చడానికే అయిపోతోంది. మిగతా అరగంట మెసేజ్‌లకి థ్యాంక్స్ చెప్పడానికి. నా మనవడికి ఏం మిగిల్చను?” అన్నారు.

అది డిప్రెషన్ కాదు. తనకున్న ఓపికని లెక్క కట్టుకుని, ఖర్చు ఎక్కడ ఎక్కువవుతోందో చూసి ఆపేశారంతే. కాబట్టి మార్చాల్సింది ఆవిడని కాదు, ఆవిడ దగ్గరికి వస్తున్న మాటల్ని.

మెసేజ్‌లు వేరు చేసిన రోజు

ఆవిడ ఒప్పుకున్నాక ఒక పొద్దున్న అమ్మాయి ఫోన్ తీసి పాత మెసేజ్‌లు ఒక్కొక్కటీ చదవడం మొదలుపెట్టింది. టీచర్ గారు ఒక్కోదానికి “బరువు”, “పర్లేదు”, “దాచు” అని మాత్రం అనాలి. అలసిపోగానే ఆపేస్తాం. మందు వేసుకున్న ఒక గంట తర్వాత కూర్చున్నాం, ఎందుకంటే మాత్రగా వేసే మామూలు మార్ఫిన్ బాగా పనిచేసేది దాదాపు ఆ సమయంలోనే.

“బరువు” లెక్కలో పడ్డవాటిలో మొదటివి “త్వరగా కోలుకోవాలి”, “మీరు ఫైటర్, క్యాన్సర్‌ని ఓడిస్తారు” లాంటివి. రాసినవాళ్ళు ప్రేమతోనే రాశారు. కానీ తను కోలుకోదని తెలిసిన మనిషికి ఆ మాట, ఎదుటివాళ్ళకి నిజం తెలియదనైనా చెబుతుంది, తెలిసినా వినలేకపోతున్నారనైనా చెబుతుంది. యుద్ధం మాటలతో ఇంకో చిక్కుంది. “గెలుస్తారు అంటున్నారు. అంటే నేను పోతే ఓడిపోయినట్టా? సరిగ్గా పోరాడలేదనా?” అన్నారు టీచర్ గారు. జబ్బుని పోరాటంగా చూసుకుంటే బలం వచ్చే పేషెంట్లు కూడా ఉన్నారు. వాళ్ళు ఆ మాట వాడితే మనమూ వాడొచ్చు. వాళ్ళ నోటినుంచి రానంతవరకు మనం మొదలుపెట్టకూడదని నా అభిప్రాయం.

తర్వాత ప్రశ్నలు. “ఇప్పుడు ఏ స్టేజి?”, “స్కాన్‌లో ఏమొచ్చింది?”, “ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్ళలేకపోయారా?” ఒక్కో ప్రశ్నా ఒక్కో హోంవర్క్. వీటితోపాటు నయమైపోతుందని చెప్పే వీడియోలు. అవి ఎక్కువగా పంపింది తమ్ముడు. ఆయన సంగతి తర్వాత చెబుతాను.

“ఏం కావాలన్నా మొహమాటపడకుండా అడుగు” అన్న మెసేజ్‌లకి “పర్లేదు” అన్నారు, కానీ ఒక్కరినీ ఏమీ అడగలేదు. అడగాలంటే ఏం కావాలో ఆలోచించాలి, వీళ్ళు ఏ పని చెయ్యగలరో ఊహించాలి, మొహమాటం వదలాలి. ఒకావిడ మాత్రం ఇలా రాశారు: “మంగళవారం, శుక్రవారం నేను మందుల షాపు వైపు వెళ్తాను. కావాల్సినవి మీ అమ్మాయి నాకు రాస్తే తెచ్చి గుమ్మం దగ్గర పెట్టి వెళ్ళిపోతాను.” దీనికి వెంటనే “దాచు” అన్నారు. పని ఏమిటో, ఏ రోజో, తను లోపలికి వచ్చి కూర్చోననీ అన్నీ అందులోనే ఉన్నాయి.

“దాచు” అన్నవాటిలో ఇంకో రెండు రకాలు కనిపించాయి. ఒకటి, పాత విద్యార్థులు రాసినవి. వాటిలోనూ “మీరు గొప్ప టీచర్” అన్నవి “పర్లేదు” లోకే వెళ్ళాయి. ఒకబ్బాయి రాసింది దాచమన్నారు: “టీచర్ గారూ, పరీక్షలో నేను లెక్క తప్పు చేసినా స్టెప్స్ సరిగ్గా ఉన్నాయని సగం మార్కులు వేసి, పక్కన ‘ఇక్కడిదాకా నువ్వు కరెక్టే’ అని రాశారు. ఇప్పుడు నా దగ్గర పనిచేసే పిల్లలు తప్పు చేసినప్పుడు నేనూ ముందు ఎక్కడిదాకా కరెక్టో చెబుతాను.” ఆవిడ అది మళ్ళీ చదివించుకున్నారు. ఆవిడ చేసిన ఒక పని, అది ఇంకొకరి బతుకులోకి ఎలా వెళ్ళిందో ఆ నాలుగు లైన్లలో ఉంది.

రెండోది నేను కూడా ఊహించలేదు. ఆవిడతో కలిసి పనిచేసిన ఒక మాస్టారు వారానికోసారి స్టాఫ్ రూమ్ కబుర్లు పంపేవారు. కొత్త టైమ్ టేబుల్ గొడవ, గంట కొట్టే బెల్ పాడవడం, ఏడో తరగతి పిల్లలు చేసిన అల్లరి. జబ్బు మాటే ఉండదు. చివర “జవాబు అక్కర్లేదు టీచర్ గారూ, ఊరికే చెప్పాలనిపించింది” అని ఉంటుంది. ఆవిడకి అన్నిటికంటే ఇష్టమైనవి ఇవే. “ఈయన ఒక్కడే నన్ను ఇంకా టీచర్‌గా చూస్తున్నాడు” అన్నారు. జబ్బుతో ఉన్నవాళ్ళకి మామూలు కబుర్లు చెబితే పట్టనట్టు ఉంటుందేమోనని చాలామంది భయపడతారు. జబ్బు సంగతి తెలుసని ఒకసారి ఎక్కడో చెప్పి ఉంటే, ఆ తర్వాత మామూలు కబుర్లు చాలా పెద్ద ఊరట.

ఆ రోజే అమ్మాయి పేరుమీద అందరికీ ఒక మెసేజ్ రాశాం. పదాలు టీచర్ గారివే: “అమ్మకి మీ మెసేజ్‌లన్నీ చదివి వినిపిస్తున్నాను. జవాబు ఇచ్చే ఓపిక లేదు, అందుకని ఎదురుచూడకండి. జబ్బు గురించి, వైద్యం గురించి ఏమైనా అడగాలంటే నన్ను అడగండి. అమ్మకి మాత్రం మీ కబుర్లు, ఆవిడతో మీకున్న జ్ఞాపకాలు రాయండి. రావాలనుకునేవాళ్ళు ముందు నాకు ఒక మాట చెప్పండి. ఒక్కోసారి ‘ఇవాళ వద్దు’ అంటే ఏమీ అనుకోకండి.” దీని తర్వాత వచ్చిన మెసేజ్‌లు చాలావరకు మారిపోయాయి. చాలామందికి లేనిది ప్రేమ కాదు, ఏం రాయాలో ఎవరూ చెప్పలేదంతే.

తమ్ముడు

ఆయన రోజూ వచ్చేవారు. వచ్చి అక్క చెయ్యి పట్టుకుని “నువ్వు పోతే నాకెవరున్నారక్కా” అని ఏడ్చేవారు. అక్క ఆయన తల నిమురుతూ ఓదార్చేది. ఆయన వెళ్ళాక రెండు గంటలు మాట్లాడేది కాదు.

సైకాలజిస్ట్ సూసన్ సిల్క్, బారీ గోల్డ్‌మన్ కలిసి 2013లో ఒక వ్యాసంలో చెప్పిన పద్ధతి ఇలాంటిచోట బాగా పనికొస్తుంది. మధ్యలో పేషెంట్. చుట్టూ గీసిన మొదటి వలయంలో ఇంట్లోవాళ్ళు, తర్వాతి వలయంలో దగ్గరి స్నేహితులు, ఆ బయట మిగతావాళ్ళు. లోపలివైపు ఊరట మాత్రమే వెళ్ళాలి. మన బాధ, భయం, కోపం బయటి వలయంవైపు చెప్పుకోవాలి. నేను తమ్ముడికి కాగితం మీద గీసి చూపించాను. “మీ ఏడుపు తప్పు కాదండీ. అక్క ముందు కళ్ళనీళ్ళు వస్తే రానివ్వండి. కానీ ‘నాకెవరున్నారు’ అన్న ప్రశ్నకి ఆవిడ దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్న మీ ఆవిడ దగ్గర, మీ స్నేహితుల దగ్గర, నా దగ్గర పెట్టండి” అన్నాను. ఏడుపు ఆగనప్పుడు అనడానికి ఒక వాక్యం ఇద్దరం కలిసి తయారుచేశాం: “ఏడుపొస్తోందక్కా, నువ్వంటే అంత ఇష్టం. నువ్వు నన్ను ఓదార్చక్కర్లేదు.”

ఆయన విషయంలో ఇది సగమే పనిచేసింది. ఏడుపు బాధ్యత అక్క మీద వెయ్యడం చాలావరకు తగ్గింది. వీడియోలు పంపడం మాత్రం ఆపలేకపోయారు. ఏదో ఒకటి చెయ్యకపోతే అక్కని వదిలేసినట్టే అని ఆయన మనసులో ఉంది, మాటలతో అది పోలేదు. చివరికి వాటిని అక్కకి కాకుండా మేనకోడలికి పంపేట్టు ఒప్పందం కుదిరింది. ఆ అమ్మాయి ఒక్కొక్కటీ మా డాక్టర్‌కి చూపించి ఆయనకి జవాబు చెప్పేది. ఆ పిల్లకి అదొక అదనపు పనే.

రాని స్నేహితురాలు

టీచర్ గారు పదే పదే అడిగింది ఒక్కరి గురించే. చిన్నప్పటినుంచి కలిసి చదువుకున్న స్నేహితురాలు. కీమో ఆపేశారని తెలిసినప్పటినుంచి రావడం మానేశారు, ఫోన్ కూడా లేదు. అమ్మాయి నా నంబర్ ఇస్తే ఆవిడ నాకు ఫోన్ చేశారు. “వెళ్తే ఏం మాట్లాడాలో తెలీదండీ. ఒక్క మాట తప్పు మాట్లాడితే? రోజులు గడిచినకొద్దీ ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలి అనిపిస్తోంది” అన్నారు. ఇది చాలా ఎక్కువగా చూస్తాను. దూరమైపోయేవాళ్ళలో చాలామంది ప్రేమ లేనివాళ్ళు కాదు.

ముందు మెసేజ్ రాసి, తర్వాత వెళ్ళండి అన్నాను. ఆవిడ రాసుకున్నది నాకు చదివి వినిపించారు:

“ఎలా ఉన్నావే? ఇన్నాళ్ళూ రాలేకపోయినందుకు నేను ఎంత బాధపడుతున్నానో చెప్పలేను, రాత్రిళ్ళు నిద్ర లేదు. నువ్వు లేని జీవితం ఊహించుకోలేను. కానీ నువ్వు ఎంత ధైర్యం గలదానివో నాకు తెలుసు, తప్పకుండా బయటపడతావు. దేవుడు తట్టుకోగలిగినవాళ్ళకే కష్టాలిస్తాడు. నన్ను క్షమించానని ఒక్క మాట చెప్పు, చాలు. ఏం కావాలన్నా అడుగు.”

ఇందులో ప్రేమ ఉంది. కానీ చదివే మనిషి ఎన్ని పనులు చెయ్యాలో చూడండి. ఎలా ఉన్నానో చెప్పాలి. స్నేహితురాలి నిద్ర గురించి బాధపడాలి. ధైర్యంగా ఉండాలి, బయటపడాలి. క్షమించానని రాసి పంపాలి. తనకి కావాల్సింది తనే ఆలోచించి అడగాలి. దేవుడి మాట కూడా అంతే. పేషెంట్ తన నమ్మకం గురించి తనే చెబితే ఆ మాటలతోనే మాట్లాడొచ్చు. ఈ కష్టం ఎందుకొచ్చిందో మనం వివరించబోతే మాత్రం, దాన్ని ఒప్పుకోవడం ఆవిడకి ఇంకో పని అవుతుంది.

ఇదంతా స్నేహితురాలికి చెప్పలేదు. రెండే అడిగాను. “ఆవిడ మీకోసం చేసినవాటిలో మీరు ఎప్పటికీ మర్చిపోనిది ఒకటి చెప్పండి.” “మీరు నిజంగా ఏ రోజు, ఎంతసేపు రాగలరు?” ఆ రెండిటి జవాబుల్లోంచి ఈ మెసేజ్ వచ్చింది:

“నీ జబ్బు సంగతి, కీమో ఆపేసిన సంగతి నాకు తెలుసు. ఇన్నాళ్ళు రానిది నా భయంవల్ల, నీవల్ల కాదు. సారీ. తొమ్మిదో తరగతిలో లెక్కలు రావట్లేదని నేను బడి మానేస్తానంటే, నువ్వు రోజూ సాయంత్రం మీ మెట్లమీద కూర్చోబెట్టి చెప్పావు. నేను బ్యాంకులో అన్నేళ్ళు పనిచేసింది ఆ మెట్లమీద నేర్చుకున్న లెక్కలతోనే. ఇది నీకెప్పుడూ చెప్పలేదు. నిన్ను చూడాలని ఉంది. గురువారం పదకొండింటికి వచ్చి ఇరవై నిమిషాలు కూర్చుంటాను. ఆ రోజు వద్దనిపిస్తే మీ అమ్మాయితో ‘ఇవాళ వద్దు’ అనిపించు, వచ్చే వారం మళ్ళీ అడుగుతాను. దీనికి జవాబు రాయక్కర్లేదు.”

క్షమాపణ ఇందులోనూ ఉంది, కానీ ఒక్క మాటే, దానికి బదులు ఏమీ కోరలేదు. “నీవల్ల కాదు” అన్నది చాలా అవసరం, ఎందుకంటే మనుషులు దూరమైతే జబ్బుతో ఉన్నవాళ్ళు తమ రూపమో, వాసనో, తమ మాటో కారణమనుకుంటారు. రోజు, గంట, ఎంతసేపన్నది చెప్పడంవల్ల టీచర్ గారు ఆ ఇరవై నిమిషాలకి ఓపిక దాచుకోగలిగారు. వద్దనే దారి కూడా తెరిచే ఉంది. మళ్ళీ అడుగుతానన్నారు కాబట్టి వద్దంటే పోగొట్టుకుంటానన్న భయం లేదు.

“జబ్బు సంగతి తెలుసు” అన్న మొదటి వాక్యం మాత్రం ఈ కేసుకే సరిపోతుంది. టీచర్ గారికి అన్నీ తెలుసని, మాట్లాడటానికి ఇష్టపడుతున్నారని మాకు ముందే తెలుసు. 1965లో గ్లేజర్, స్ట్రాస్ అనే ఇద్దరు సోషియాలజిస్టులు ఆసుపత్రుల్లో పరిశీలించి, చావు దగ్గరపడ్డ మనిషి చుట్టూ నాలుగు రకాల పరిస్థితులుంటాయని చెప్పారు: పేషెంట్‌కి తెలియకుండా దాచడం, పేషెంట్‌కి అనుమానం రావడం, ఇద్దరికీ తెలిసినా తెలియనట్టు నటించడం, బాహాటంగా మాట్లాడుకోవడం. మెసేజ్ పంపేముందు ఆ ఇంట్లో ఏది నడుస్తోందో దగ్గరివాళ్ళని ఒక్క మాట అడగాలి. “ఆవిడకి ఎంతవరకు తెలుసు? దాని గురించి మాట్లాడుతున్నారా?” అంటే చాలు. అది తెలుసుకునే వీలు లేకపోతే రోగం పేరు, రోజుల లెక్క రాయకండి. “నువ్వు గుర్తొస్తున్నావు”, ఒక జ్ఞాపకం, ఎప్పుడు వస్తారో, జవాబు అక్కర్లేదని. ఇవి ఏ ఇంట్లోనైనా సరిపోతాయి, ఎందుకంటే వీటిలో అబద్ధమూ లేదు, బయటపెట్టే రహస్యమూ లేదు.

మెసేజ్ విన్నాక టీచర్ గారు అన్నది ఒకటే: “గురువారం ఆ జుట్టు కాస్త దువ్వు.”

గురువారం

స్నేహితురాలు అడిగితే ఫోన్లో ముందుగా కొన్ని మాత్రమే చెప్పాను. మంచం మీద కాకుండా కుర్చీలో, టీచర్ గారు తల తిప్పక్కర్లేకుండా కనిపించేవైపు కూర్చోమన్నాను. లివర్ ఉబ్బి ఉంది కాబట్టి మంచం కదిలితే నొప్పి. ముట్టుకునేముందు అడగాలి. రూపం గురించి ఏమీ అనకూడదు, “చాలా చిక్కిపోయావు” అని కానీ, “బాగానే కనిపిస్తున్నావు” అని కానీ. కళ్ళు పచ్చగా ఉంటాయని, మనిషి సగం అయ్యారని ముందే తెలిస్తే మొహంలో ఉలికిపాటు తగ్గుతుంది. తినమని బలవంతపెట్టొద్దు. ఈ దశలో ఆకలి పోవడం జబ్బులో భాగం, బలవంతంగా తినిపిస్తే బలం రాదు, వాంతులు వస్తాయి.

మొదట ఏమనాలన్నది ఆవిడ పెద్ద టెన్షన్. “వచ్చానే. నిన్ను చూడాలనిపించింది” అంటే చాలన్నాను. తర్వాత “ఇవాళ కబుర్లు చెప్పనా, నువ్వు చెబుతావా, ఊరికే కూర్చుందామా?” అని అడగమన్నాను. టీచర్ గారు కబుర్లు చెప్పమన్నారు. కాసేపు పాత స్నేహితుల సంగతులు నడిచాయి. అప్పుడు ఉన్నట్టుండి టీచర్ గారు అడిగారు:

“మనవడి పుట్టినరోజుకి ఉంటానంటావా?”

అది ఐదు నెలల దూరంలో ఉంది. ఇలాంటి ప్రశ్న వస్తే ఎవరైనా “ఛ, అవేం మాటలు, తప్పకుండా ఉంటావు” అనేస్తారు. అలా అన్నాక ఇక మాట ముందుకి వెళ్ళదు. పేషెంట్ ఆ విషయం ఈ మనిషితో మాట్లాడలేనని అర్థం చేసుకుంటారు. “ఉండవు” అనడం కూడా మన పని కాదు. ఇది రావచ్చని ముందే అనుకుని ఒక జవాబు సిద్ధం చేసుకున్నాం. స్నేహితురాలు అదే అన్నారు:

“నాకు తెలీదే. నీకేమనిపిస్తోంది?”

“ఉండననిపిస్తోంది.”

స్నేహితురాలు వెంటనే ఏమీ అనలేదు. ఇలాంటప్పుడు పది సెకన్ల మౌనం చాలా పొడుగ్గా అనిపిస్తుంది. దాన్ని నింపెయ్యాలన్న తొందర మనదే, పేషెంట్‌ది కాదు. తర్వాత ఆవిడ అడిగారు: “ఆ రోజు వాడికి ఏం చెప్పాలనుంది?”

నేను నేర్పింది మొదటి జవాబు మాత్రమే. ఈ రెండోది ఆవిడ సొంతం, దీనికంటే మంచిది నేను చెప్పగలిగేదాన్ని కాదు. టీచర్ గారు చెప్పడం మొదలుపెడితే స్నేహితురాలు తన ఫోన్లో టైప్ చేసుకున్నారు. కెనడా సైకియాట్రిస్ట్ హార్వీ చోచినోవ్ రూపొందించిన డిగ్నిటీ థెరపీ అనే పద్ధతి కూడా దాదాపు ఇలాంటిదే. జీవితంలో ముఖ్యమైనవి, తనవాళ్ళకి చెప్పాలనుకున్నవి అడిగి రికార్డ్ చేసి, రాసి, సరిచేసి పేషెంట్ చేతికిస్తారు. శిక్షణ ఉన్నవాళ్ళు చేసే పని అది. ఇక్కడ ఒక స్నేహితురాలు ఒక మంచి ప్రశ్న అడిగి రాసుకున్నారు. తర్వాత రెండు గురువారాల్లో ఆ ఉత్తరం పూర్తయింది. అందులో సగం లారీల గురించే.

ఎప్పుడు లేవాలో తెలియడానికి గుర్తులు చెప్పి పంపాను. జవాబులు ఒక్కో మాటకి తగ్గడం, కళ్ళు మూతలుపడటం, నుదురు ముడిపడటం, చూపు మాటిమాటికీ అమ్మాయివైపు వెళ్ళడం. “ఉండు, ఇంకాసేపు” అని పేషెంట్ మర్యాదకి అన్నా, ఈ గుర్తులు కనిపిస్తే లేవాలి. ఆ రోజు ఇరవై నిమిషాలు కాకుండానే కళ్ళు మూతపడ్డాయి. స్నేహితురాలు “నువ్వు పడుకో. నీ దగ్గర కూర్చోవడం నాకు బాగుంది. వచ్చే గురువారం వస్తాను” అని లేచారు. నిజంగా రాగలిగితేనే అలా చెప్పాలి. ఈ దశలో వస్తానని రాకపోవడం, మొదట్లో అసలు రాకపోవడంకంటే ఎక్కువ గుచ్చుకుంటుంది. ఇంకొకటి, ముఖ్యమైన మాటని తర్వాతిసారికి దాచకూడదు. పెద్ద వీడ్కోలు అక్కర్లేదు కానీ, ప్రతిసారీ వెళ్ళేముందు మనసులో ఉన్న ఆ ఒక్క మాట అనేసి రావాలి.

చివరి వారం

టీచర్ గారు రోజులో ఎక్కువసేపు నిద్రలోనే ఉన్నారు. మాత్రలు మింగలేకపోతే మార్ఫిన్ చర్మం కిందికి ఇచ్చే సన్నటి సూది ద్వారా మొదలుపెట్టారు. అందరినీ మెసేజ్‌లు ఇంకా చిన్నగా, ప్రశ్నలు లేకుండా రాయమని అమ్మాయి చెప్పింది. కొందరు నిమిషంలోపు గొంతు రికార్డ్ చేసి పంపారు. మాస్టారు స్టాఫ్ రూమ్ కబుర్లు మూడు వాక్యాల్లో పంపారు.

మధ్యలో కాస్త మెలకువ వచ్చినప్పుడు ఆవిడ ఒకసారి కంగారుగా “పేపర్లు దిద్దడం అవలేదు” అన్నారు. చివరి రోజుల్లో ఇలా అయోమయం రావడం చాలా మామూలు. తమ్ముడు “అక్కా, ఇప్పుడు పేపర్లేంటి, నువ్వు ఇంట్లో ఉన్నావు” అని సరిచెయ్యబోతే ఆవిడ కంగారు పెరిగింది. పక్కనున్న స్నేహితురాలు “పేపర్ల సంగతి నువ్వు పెట్టుకోకు, నేనున్నాగా” అన్నారు. ఆవిడ కుదుటపడ్డారు. ఆ స్థితిలో నిజానిజాలు తేల్చడంకంటే ఆ మాట వెనక ఉన్న భయానికి జవాబివ్వడం మేలు. కంగారు ఎక్కువైతే, మంచం దిగబోతే, అది మాటలతో తగ్గేది కాదు, వెంటనే నర్సుకి చెప్పాలి. నొప్పి వల్లో, మూత్రం ఆగిపోవడం వల్లో కూడా అలా అవుతుంది.

స్పందన పోయాక కూడా వినబడుతుందా అని అమ్మాయి అడిగింది. 2020లో బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీవాళ్ళు చావుకి దగ్గరగా, స్పందన లేకుండా ఉన్న కొందరు పేషెంట్లకి ఈఈజీ పెట్టి చూస్తే, శబ్దాలకి మెదడు స్పందిస్తున్నట్టు కనిపించింది. మాటల అర్థం తెలుస్తోందని దీన్నిబట్టి చెప్పలేం. అయినా వింటున్నారన్నట్టే మాట్లాడండి అని నేను ఇంట్లోవాళ్ళకి చెబుతాను. దీనర్థం మంచం పక్కన నిలబడి ఇంకా ఎన్ని గంటలని చర్చించకూడదని కూడా. ఆ మాటలు పక్క గదిలో. లోపలికి రాగానే ఎవరొచ్చారో పేరు చెప్పాలి, తర్వాత ఒకటి రెండు వాక్యాలు చాలు.

“మేం బాగుంటాం, నువ్వు వెళ్ళిరా” అని చెప్పమని కొందరు సలహా ఇస్తారు. ఇంటికి అతి దగ్గరివాళ్ళు మనస్ఫూర్తిగా అనగలిగితే మంచిదే. బయటినుంచి వచ్చినవాళ్ళు అనే మాట కాదది. అమ్మాయి అనలేనంది. అనక్కర్లేదన్నాను. “అమ్మా, పక్కనే ఉన్నాను” అని మాత్రం అంటూ ఉంది.

ఆలస్యంగా వచ్చిన మెసేజ్

టీచర్ గారు పోయిన మర్నాడు ఒక పాత విద్యార్థిని నుంచి పొడుగాటి మెసేజ్ వచ్చింది, ఆవిడ పోయారని తెలియకుండా. తెలిశాక ఆ అమ్మాయి కుంగిపోయి, ఆ మెసేజ్ డిలీట్ చెయ్యనా అని టీచర్ గారి కూతుర్ని అడిగింది. ఉంచమన్నాం. ఇప్పుడు వలయం మధ్యలో ఉన్నది కూతురు. అమ్మకి రాసినవి ఇప్పుడు ఆ పిల్లకి పనికొస్తాయి. కాకపోతే చివర ఒక లైను కలపమని అడిగాం: “మీకు చదవాలనిపించినప్పుడే చదవండి, జవాబు అక్కర్లేదు.”

కూతురు దాన్ని నెల దాటాక చదివింది. స్నేహితురాలు గురువారాలు మానలేదు. ఇప్పుడు ఆ రోజు పదకొండింటికి ఆ పిల్లకి టీచర్ గారి చిన్నప్పటి సంగతి ఒకటి రాసి పంపుతున్నారు. తమ్ముడు ఆ వీడియోలు ఎందుకు పంపేవాడినో మాట్లాడాలని నా దగ్గరికి వచ్చారు. ఆయనతో పని ఇంకా నడుస్తోంది.